ఇత్తడికి, పూలకు నప్పే గోడ రంగు: ఒంగోలులో మా దేవుడి మూల ప్రాజెక్టు డైరీ

ఆషాఢం మొదట్లో

శ్రావణం వచ్చేలోగా హాల్లో ఈశాన్యం మూలనున్న దేవుడి చోటుకు రంగు మార్చాలని నిర్ణయం జరిగింది. చోటు చిన్నదే. ఒక గోడ 4 అడుగులు, దానికి ఆనుకున్న పక్క గోడ 3 అడుగులు, పైన 7 అడుగుల ఎత్తులో లాఫ్ట్. నడుము ఎత్తులో చీమకుర్తి నల్లరాయి అరుగు. గోడలకు ఇప్పుడున్నది ముదురు మామిడిపండు పసుపు, అదీ తళతళలాడే ఎనామిల్. ఇల్లు కొన్నప్పుడే ఉన్న రంగు ఇది.

పసుపు శుభమే, ఎవరూ కాదనరు. చిక్కు ఎక్కడ వస్తోందంటే, ఆ గోడ ముందు ఇత్తడి కుందులు ఉన్నాయా లేవా అన్నది గుమ్మంలో నిలబడితే తెలియడం లేదు. పసుపు ముందు పసుపు. బంతిదండ వేస్తే అదీ గోడలో కలిసిపోతుంది. కంటికి ముందు కనిపించేవి ఎనామిల్ మీద ట్యూబులైటు మెరుపు, పటాల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ జరీ చట్రాలు. దీపం, విగ్రహం, పువ్వు ఆ తర్వాతే. నాకు కావలసింది దీనికి తలకిందులు: ముందు దీపం, తర్వాత విగ్రహం, తర్వాత పువ్వు, అన్నిటికన్నా వెనక గోడ.

అత్తయ్యకు చెప్పాను. "దేవుడి గోడకు పసుపు కాకుండా ఇంకేమి వేస్తారమ్మాయీ? పోనీ గంధం రంగు వెయ్యి, చల్లగా ఉంటుంది" అన్నారు. రంగుల దుకాణంలో అడిగినా, బంధువుల్లో ఎవరిని అడిగినా ఇదే సలహా వస్తుంది: గంధం, మీగడ, దంతం. సరే, దాన్నీ పరీక్షలో పెడదాం అనుకున్నాను.

ఇత్తడిని ముందు చూడాలి

గోడ రంగుల కార్డు తెరవకముందు ఇత్తడి సామానంతా దించి కిటికీ దగ్గర పెట్టి చూశాను. రెండు కుందులు, గంట, హారతి పళ్ళెం, కలశం చెంబు, అరచేతంత లక్ష్మీదేవి.

ఇత్తడికి ఒకే రంగు ఉంటుందని మనం అనుకుంటాం. రాగి, తుత్తునాగం కలిసిన లోహం కనుక ఆ పాళ్ళను బట్టే రంగు మారుతుంది. తుత్తునాగం పెరిగిన కొద్దీ లేత పసుపు, రాగి పెరిగిన కొద్దీ ఎరుపు. మా గంట ఎర్రగా, కుందులు నిమ్మపండు ఛాయలో ఉండటానికి ఇదే కారణం. దీనికి తోడు తోమిన రోజు ఒక రంగు, వారం తర్వాత ఇంకొక రంగు. చింతపండు పెట్టి తోమగానే లేతగా మెరుస్తుంది. చింతపండు పూసి అలాగే ఎక్కువ సేపు వదిలేస్తే పులుపుకు పైపొరలో తుత్తునాగం కరిగి, రాగి మిగిలి, గులాబీ ఛాయ తేలుతుంది. మాకు సముద్రం ఎంతో దూరం లేదు. తేమ, ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో శుక్రవారం తోమిన కుంది మరో శుక్రవారానికి తేనె రంగుకు, అక్కడి నుంచి గోధుమ రంగుకు దిగుతుంది. కాబట్టి గోడ రంగును తోమిన ఇత్తడికి పోల్చి ఎంచుకుంటే అది వారంలో ఒక్క రోజుకే నప్పుతుంది. పరీక్షకు ఒక కుందిని తోమి, రెండోదాన్ని తోమకుండా ఉంచాను.

ఇంకొక సంగతి అత్తయ్య చీర వల్ల తెలిసింది. ఆమె మిరపపండు రంగు చీరలో వచ్చి కలశం ముందు వంగి చూస్తుంటే చెంబు కడుపంతా ఎర్రబడింది. ఆమె పక్కకు జరగగానే మళ్ళీ పసుపు. మెరుగుపెట్టిన లోహం అద్దమే. మన కంటికి కనిపించే దాని రంగులో సగం దాని సొంతం, మిగతా సగం ఎదుట, పక్కన, కింద ఉన్నవాటిది. వెనక గోడ రంగు ఇత్తడి అంచుల్లో మాత్రమే కనిపిస్తుంది. పక్క గోడ, అరుగు మాత్రం దాని ఒంటి మీదే ఉంటాయి. దేవుడి మూలకు రంగు అంటే అందరూ వెనక గోడ గురించే ఆలోచిస్తారు. పక్క గోడకు వేరే రంగు, అందులోనూ గాఢమైనది వేస్తే, ఆ రంగు వచ్చి విగ్రహం చెంప మీద కూర్చుంటుంది. రెండు గోడలకూ ఒకే రంగు, అదీ గాఢత తక్కువ ఉన్నది వేయాలని అప్పుడే తేల్చుకున్నాను.

ఎంత లేత, ఎంత ముదురు

రంగు పేరుకన్నా ముందు తేల్చవలసింది ఇది. కుందిని దగ్గరగా చూడండి. మెడ మీద తెల్లటి మెరుపు గీత, పక్కన పసుపు, మలుపు తిరిగే చోట దాదాపు నలుపు. ఒకే వస్తువులో తెలుపు నుంచి నలుపు దాకా ఉన్నాయి. తెల్లగోడ ముందు పెడితే మెరుపు గీతలు గోడలో కలిసిపోయి, కుంది ఒక గోధుమ మరకలా మిగులుతుంది. నల్లగోడ ముందు పెడితే నీడలు మాయమై, మెరుపులు మాత్రం గాలిలో వేలాడతాయి. నగల దుకాణంలో అది బాగుంటుంది, ఇంట్లో ప్రశాంతంగా ఉండదు. లేతకూ ముదురుకూ నడుమ ఉన్న గోడ ముందు మెరుపు గోడకన్నా తెల్లగా, నీడ గోడకన్నా నల్లగా నిలబడి, వస్తువు ఆకారం పూర్తిగా తెలుస్తుంది.

రంగుల కంపెనీలు కొన్ని ఛాయల పక్కన ఒక అంకె ఇస్తాయి. గోడ మీద పడిన వెలుగులో ఎంత శాతం తిరిగి వస్తుందో చెప్పే అంకె అది. నలుపుకు 0 దగ్గర, తెలుపుకు 100 దగ్గర. మీగడ, దంతం రంగులు 75 పైన ఉంటాయి. నాకు కావలసింది 40 నుంచి 50 మధ్య. అంతకన్నా ముదురైతే మా హాలు వెలుతురుకు ఆ మూల గుహ అయిపోతుంది. అంతకన్నా లేతైతే మల్లె, నందివర్ధనం, లిల్లీ కనిపించవు. తెల్లపూలు ఎక్కువ వాడే ఇంటికి తెల్లగోడ నప్పకపోవడానికి కారణం ఇదే.

నమూనాలు

గోడ మీదే చిన్న చదరాలు వేసి చూడటం వాడుక. నేను వేయించలేదు. చుట్టూ ఉన్న మామిడి పసుపు ప్రతి చదరాన్నీ చెడగొడుతుంది. పసుపు పక్కన ఏ రంగు పెట్టినా కంటికి అది నీలం, ఊదా వైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఫ్రాన్సులో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల పని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో ఈ సంగతిని సూత్రంగా రాశాడు. నలుపు నూలు వెలిసిపోయినట్టు కనిపిస్తోందన్న ఫిర్యాదు వస్తే, నూలులో లోపం లేదని, పక్కన నేసిన రంగు వల్ల కన్ను అలా చూస్తోందని తేల్చినవాడు ఆయన.

అందుకని మందపాటి డ్రాయింగ్ షీట్లు తెచ్చి, ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు వేసి ఆరబెట్టాను. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. కాబట్టి ఒక రాత్రి గడవనిదే దేన్నీ చూడలేదు. గోడ పసుపు కంట్లో పడకుండా ముందు పాత తెల్లదుప్పటి కట్టి, దాని మీద షీటు, షీటు ముందు కుందులు, పూలు పెట్టాను. పోటీలో ఉన్నవి గంధం, లేత నీలం, ఏ ఛాయా కలవని బూడిద, జాజు ఎరుపు, బూడిద కలిసిన ఆకుపచ్చ. చివరిది మరువం ఆకు వెనకవైపు ఉండే రంగు కాబట్టి ఇంట్లో దానికి మరువం రంగు అని పేరు పడింది.

పగలు, ట్యూబులైటు, దీపం

ఉదయం కిటికీ వెలుతురులో లేత నీలం అందరినీ పడగొట్టింది. పసుపుకు ఎదురు రంగు నీలం. దాని ముందు ఇత్తడి ఇంకా ఎర్రగా, నిండుగా కనిపిస్తుంది. మా అమ్మాయి అక్కడే ఓటు వేసేసింది. "సాయంత్రం దాకా ఆగు" అన్నాను.

సాయంత్రం ట్యూబులైటు తీసేసి రెండు దీపాలు మాత్రమే వెలిగించి చూశాం. నీలం పోయింది, ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగు మిగిలింది. వెలుగు ఎంత ఎర్రనో, ఎంత తెల్లనో చెప్పే కెల్విన్ లెక్కలో నూనె దీపం 1900 దగ్గర ఉంటుంది. అందులో ఎరుపు, పసుపు ఎక్కువ, నీలం పాలు చాలా తక్కువ. నీలం గోడ తిరిగి పంపడానికి నీలం వెలుగే అక్కడ లేకపోతే అది బూడిదగానే కనిపిస్తుంది. దేవుడి మూలను మనం ఎక్కువగా చూసేది తెల్లవారుజామున, సందెవేళ, అంటే దీపం వెలుగులో. దుకాణంలో ట్యూబులైట్ల కింద కార్డు చూసి రంగు ఎంచుకునేవాళ్ళకు ఇంటికి వచ్చాక తేడా వచ్చేది ఇక్కడే.

గంధం రంగుకు అత్తయ్య ఎదుటే పరీక్ష పెట్టాను. పగలు పరవాలేదు. దీపం వెలుగులో గోడ, ఇత్తడి, చామంతి మూడూ ఒకే పసుపులోకి జారిపోయాయి. తోమని కుంది అయితే మాసిన గోడ ముందు మాసిన వస్తువులా ఉంది. ఆమె ఏమీ అనలేదు, షీటు మాత్రం తనే తీసి పక్కన పెట్టారు.

బూడిద రంగు మీద నాకు ఆశ ఉండేది. ఏ పూవుతోనూ గొడవ పడదు కదా అనుకున్నాను. ఇత్తడి, బంతిపూలు ముందుకు వచ్చాక అది బూడిదగా ఉండనే లేదు. షెవ్రూల్ చెప్పినట్టే వంగపండు ఛాయకు తిరిగింది, చలువ చేసిన ఆసుపత్రి గోడ చూసినట్టు అనిపించింది. పసుపు పక్కన బూడిద బూడిదగా కనిపించాలంటే అందులో ముందే కాస్త పసుపు, ఆకుపచ్చ కలిపి ఉంచాలి. అంటే మరువం రంగే. కన్ను ఊదా వైపు లాగేదాన్ని ఆ కలిపిన పచ్చ ఇటు లాగి నిలబెడుతుంది.

జాజు ఎరుపుకు నేను సులభంగా లొంగిపోయేదాన్ని. పాత మిద్దెల్లో సున్నపు గోడ కింద జాజు పట్టీ చూస్తూ పెరిగినవాళ్ళకు ఆ రంగు మీద మమకారం పోదు. ఇత్తడికి అది గొప్పగా నప్పుతుంది. పూలకు నప్పదు. మందారం, కనకాంబరం దాని ముందు మాయమయ్యాయి. దీపం వెలుగుకు గోడంతా వేడెక్కినట్టు కనిపించింది.

మరువం రంగు దీపం వెలుగులో ఏమైంది? పచ్చదనం కొంత తగ్గి, మట్టి ఛాయకు దగ్గరైంది. అయినా ఇత్తడిలో కలవలేదు. పగలు ఆకులా, రాత్రి మట్టిలా మారినా రెండు చోట్లా వెనకే ఉంది. తోమిన కుంది, తోమని కుంది రెండూ దాని ముందు నిలబడ్డాయి. తోమనిది నాకు ఇంకాస్త బాగుందనిపించింది కూడా. ఈ మాట అత్తయ్యకు చెప్పలేదు.

ఫోనుతో నలుపు తెలుపు పరీక్ష

మరువం రంగులోనే లేత, నడిమి, ముదురు ఛాయలు తేల్చడానికి ఫోను వాడాను. మామూలు ఫొటో ఈ పనికి పనికిరాదు. ఫోను తనంతట తానే రంగులు సర్ది, దీపం వెలుగులో తీసిన పసుపును కూడా తెల్లబరుస్తుంది. నలుపు తెలుపులోకి మార్చి చూస్తే రంగు మాయ పోయి, ఏది లేత ఏది ముదురు అన్నది మిగులుతుంది.

లేత ఛాయ ముందు లిల్లీ దండ దాదాపు కనిపించలేదు. ముదురు ఛాయ ముందు కుంది పీఠం, మరువం రెబ్బలు, గోడ ఒకే మచ్చగా కలిసిపోయాయి. నడిమి ఛాయలో కింద నుంచి పైకి మెట్లు స్పష్టంగా వచ్చాయి: రాయి నలుపు, ఇత్తడి నీడ, గోడ, ఇత్తడి పసుపు, తెల్లపూలు, దీపం. పక్కపక్కన ఉన్నవి ఒకే మెట్టు మీద పడకుండా ఉంటే మూల ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక్క మందారం మాత్రం గోడతో ఒకే మెట్టు మీద పడింది. రంగులో ఎరుపు, పచ్చ ఎంత వేరైనా వెలుగులో రెండూ సమానం. వెలుతురు బాగున్నప్పుడు ఇబ్బంది లేదు, దీపం ఒక్కటే ఉన్నప్పుడు మందారం గోడలోకి వెళ్ళిపోతుంది. దానికి పరిష్కారం గోడ మార్చడం కాదు. మందారాన్ని గోడకు ఆనించి కాకుండా, ఇత్తడి పళ్ళెంలోనో లక్ష్మీదేవి పాదాల దగ్గరో పెట్టాలి.

ఆషాఢం చివర, గోడ పని

కొలత: 4 అడుగుల గోడ 7 ఎత్తుకు 28 చదరపు అడుగులు, 3 అడుగుల గోడ 21. మొత్తం 49. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు పూతలు సుమారు 120 చదరపు అడుగులు వస్తుంది. అరలీటరు లోపే సరిపోతుంది కానీ మిషన్‌లో కలిపే రంగు లీటరు డబ్బాలో తీసుకోవడమే మేలు. మిగిలినది తర్వాత మరకల మీద పూయడానికి కావాలి, చేత్తో కలిపితే అదే ఛాయ మళ్ళీ రాదు.

పెయింటింగ్ మేస్త్రి వచ్చి గోడ తడిమి చూసి, "స్టెయినర్లు వేసి నేనే కలుపుతానమ్మా, మిషన్ ఎందుకు, ఖర్చు" అన్నారు. తెల్ల ఎమల్షన్‌లో పచ్చ, పసుపు, చుక్క నలుపు. ఆయన పనితనం మీద నాకు నమ్మకం ఉంది, గోడకు ఎదురుగా నిలబడి కలిపే మనిషి కన్ను మిషన్‌కు లేదు. కానీ బూడిద కలిసిన రంగుల్లో రెండు చుక్కల నలుపు తేడా వస్తే ఛాయ మొత్తం మారిపోతుంది. ఏడాది తర్వాత కుంది వెనక మసి మరక మీద పూయడానికి అదే రంగు కావాలంటే మిషన్ రంగుకు ఉండే ఛాయ కోడు ఒక్కటే దిక్కు. ఆ మాట చెప్పాక ఆయనే, "అయితే మిషన్‌దే తెప్పించండి, దీపం గోడ కదా" అన్నారు.

పాత రంగు ఎనామిల్ అవునో కాదో తేల్చడానికి దూదికి స్పిరిట్ అద్ది గట్టిగా రుద్దారు. ఎమల్షన్ అయితే మెత్తబడి దూదికి అంటుతుంది. ఇది అంటలేదు, అంటే ఎనామిలే. ఆ నున్నటి పొర మీద నేరుగా ఎమల్షన్ వేస్తే పట్టు ఉండదు, గోరుతో గీకినా పెచ్చు లేస్తుంది. 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పూర్తిగా చచ్చేదాకా, తర్వాత 220తో నునుపు వచ్చేదాకా రుద్దారు. దుమ్ము తుడిచి ప్రైమర్ వేశారు. ఒక పూత ప్రైమర్ మీదుగా పసుపు ఇంకా తొంగిచూస్తుంటే రెండోది వేయించాను. కింద పసుపు మిగిలితే మరువం రంగు చిలకపచ్చ వైపు జరుగుతుంది. అంత శ్రమపడి ఎంచుకున్న బూడిద అక్కడే పోతుంది.

మెరుపు సంగతిలో మేస్త్రికీ నాకూ కాసేపు వాదన. ఆయన సిల్కులా మెరిసే రకం వేద్దామన్నారు, తుడిస్తే మసి పోతుందని. మెరిసే గోడ దీపాన్ని తిరిగి చూపిస్తుంది. ఒక దీపం వెనక మరో మసక దీపం ఊగుతూ ఉంటే కన్ను నిలవదు. పూర్తిగా మెరుపు లేని రకమైతే నూనె చేయి తగిలినా మరక ఉండిపోతుంది, రుద్దితే ఆ చోటు నునుపెక్కి మెరుస్తుంది. మధ్యస్తంగా, కడగడానికి వీలుగా ఉండే మ్యాట్ రకం దొరికింది. పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటలు అని డబ్బా మీద ఉంది. ఆషాఢం ముసురు వల్ల మేము పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేశాం.

బల్బు, రాయి, గుడ్డ

ట్యూబులైటు 6500 కెల్విన్ తెల్లది. దాని కింద ఇత్తడి పచ్చబారిన సత్తు గిన్నెలా కనిపిస్తుంది, గోడ కూడా చలువెక్కుతుంది. లాఫ్ట్ అడుగున, ముందు అంచు వెనక, 2700 కెల్విన్ చిన్న ఎల్ఈడీ పట్టీ పెట్టించాం. కంటికి బల్బు కనిపించదు, వెలుగు మాత్రం పైనుంచి విగ్రహం మీద పడుతుంది. వస్తువుల రంగులను బల్బు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె పెట్టె మీద 90 ఉన్నది తీసుకోవడం మంచిది. అది తక్కువైతే కుంకుమ, మందారం, కనకాంబరం వంటి ఎరుపులు కమిలినట్టు కనిపిస్తాయి. మారే రంగుల సీరియల్ బల్బులు తీసేశాం. దాని మీద చర్చ జరిగింది, రాయను.

అరుగు రాయి మార్చలేదు. చీమకుర్తి నల్లరాయిలో రాగి, బంగారు ఛాయల చుక్కలు ఉంటాయి, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చేవి. దేశాలు దాటి వెళ్ళే రాయి మా అరుగు మీద ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి పడుకుంది. వెచ్చటి వెలుగు పడగానే ఆ చుక్కలు ఇత్తడి రంగుకు చుట్టాలైపోతాయి. ఒక్కటే ఇబ్బంది, పాలిష్ మరీ ఎక్కువ, దీపం కింద ఇంకో దీపం కనిపిస్తుంది. తెల్లపూల రేకు ఒకటి రాలినా అరమైలు దూరం నుంచి కనిపించేంత నలుపు కూడా. అందుకని ముందు అంచు నాలుగు అంగుళాలు రాయి కనిపించేలా వదిలి, మిగతా చోట చలువ చేయని నూలు గుడ్డ పరిచాం. చీరాల నేత గుడ్డ, చీరాల ఒకప్పుడు మన జిల్లాదే, ఇప్పుడు బాపట్ల జిల్లాకు వెళ్ళింది. పాలతెలుపు కాకుండా నూలు సహజ రంగు ఉన్నదే కావాలి. బాగా తెల్లటి గుడ్డ అయితే కుంది పీఠం కిందినుంచి తెల్లబడి, వస్తువు బరువు పోతుంది. ఈ గుడ్డ కూడా ఇత్తడిలో కనిపించేదే కదా.

పటాల చట్రాలు అన్నిటికీ ఒకే ముదురు టేకు రంగు. గోడ మీద అతి ఎక్కువ రంగులు ఉన్నవి పటాలే, వాటి చుట్టూ జరీ కూడా ఉంటే ఏ గోడ రంగూ కాపాడలేదు.

పూలు

ఇక్కడ అత్తయ్యదే రాజ్యం. నేను అడిగింది ఒక్కటే: పసుపు చామంతి నేరుగా ఇత్తడికి తాకకుండా చూడండి అని. రెండూ ఒకే రంగు కుటుంబం. పువ్వు తాజాగా, గాఢంగా ఉంటుంది కాబట్టి పక్కనున్న ఇత్తడి మురికిపట్టినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఒక వరుస తెల్లపూలో, మరువమో వస్తే చాలు, రెండూ దేనికది నిలబడతాయి. ఆమె ముందు తల ఊపి, తర్వాత తన పద్ధతిలో చేశారు. కలశం మెడకు మల్లె, మరువం కలిపి కట్టిన దండ, చామంతులు దూరంగా పటానికి. నేను చెప్పినదానికన్నా బాగుంది. దండ కట్టేవాళ్ళు కనకాంబరాల మధ్య మరువం ఎందుకు గుచ్చుతారో ఆమెకు ఏ షెవ్రూలూ చెప్పనక్కర్లేదు.

గన్నేరు గులాబీ రంగు గోడకు ఎదురు రంగు, అయినా గొడవ లేదు. గోడ పచ్చ గాఢంగా ఉండి ఉంటే, ఆ గులాబీ, పచ్చ అంచులు కలిసేచోట కళ్ళు అదిరేవి. బూడిద కలిపినందుకు ఆ అదురు లేదు. బంతి మాత్రం పెద్ద దండగా వేసిన రోజు మూలంతా దానిదే అవుతుంది. దసరాకు, సంక్రాంతికి అలాగే ఉండాలి కూడా. మామూలు రోజుల్లో నాలుగు పూలు చాలు.

శ్రావణంలో

వరలక్ష్మీ వ్రతం ఈ గోడ ముందే జరిగింది. పసుపు గురించి ఒప్పందం కుదిరింది. గోడకు కాదు, అరుగు ముందు పెట్టే చెక్క పీటకు పసుపు రాసి కుంకుమ బొట్లు. ఆ చిన్న పసుపు మరువం గోడ ముందు, పాత గోడ నిండా ఉన్న పసుపుకన్నా ఎక్కువగా కనిపిస్తోంది.

మసి సంగతి రాసి పెట్టుకుంటున్నాను. కుందులను గోడకు అడుగు దూరం ముందుకు జరిపాం. వత్తి లావుగా ఉన్నా, నూనెలోంచి మరీ పైకి లాగినా పొగ వస్తుంది. మంట కొస ఊగుతూ నల్లటి దారం లేస్తుంటే వత్తి తగ్గించాలని అర్థం. ఇప్పటికి గోడ మీద కుంది వెనక చాలా లేత ఛాయ మొదలైంది. తడి స్పాంజీతో రుద్దకుండా అద్దితే పోయింది.

మిగిలిన రంగు డబ్బా మూత మీద ఛాయ కోడు, ఏ బేస్‌లో కలిపారో, వేసిన నెల, మార్కరుతో రాసి లాఫ్ట్ మీద పెట్టాను. లాఫ్ట్ అడుగుభాగం ఇంకా పాత తెలుపే, వెలుగు పట్టీ పక్కన అది కాస్త కటువుగా ఉంది. నూలు గుడ్డ రంగుకు దగ్గరగా, 75 అంకె చుట్టూ ఉన్న దంతం రంగు వేయాలని నా ఆలోచన. అత్తయ్య అక్కడ గంధం అడుగుతున్నారు. లాఫ్ట్ అడుగుభాగమైతే ఇత్తడి వెనక రాదు కాబట్టి ఈసారి నాకు పెద్ద అభ్యంతరం లేదు, కానీ ఆ రంగు కింద ఉన్న పళ్ళెంలోకి దిగుతుంది. షీటు మీద గంధం పూసి లాఫ్ట్ కింద అంటించి, హారతి పళ్ళెం పెట్టి చూడాలి. మేస్త్రి కార్తీకానికి ముందు ఒక పూట వస్తానన్నారు.